అప్‌డేట్: ఓనరు ఫోన్లో ఒప్పుకున్నది లెటరుగా పంపా

నా పాత ప్రశ్న: "ఒంగోల్లో అద్దెకుంటున్నా, స్లాబు కారుతోంది. రిపేరు చేయిస్తా, అద్దె తగ్గించుకో అని ఓనరు ఫోన్లో అన్నాడు, రికార్డింగుంది. అది చాలా, లెటరు రాయాలా?"

రాశాను, ఒక్క పేజీనే. "3వ తేదీ సాయంత్రం ఫోన్లో మీరు చెప్పినట్టు" అని మొదలుపెట్టి, 20 లోపు స్లాబు రిపేరు చేయిస్తారని, అప్పటిదాకా 8,500 బదులు 7,000 కడతానని, గడువు దాటితే నేనే చేయించి బిల్లు అద్దెలో మినహాయించుకుంటానని రాశా. చివర్లో, ఇందులో తప్పుంటే 7 రోజుల్లో రాసి చెప్పమన్నా.

రాసేముందు రికార్డింగు మళ్లీ వినడం మంచిదైంది. రంగుల గురించి ఒప్పుకున్నాడనే అనుకున్నా, తీరా వింటే "చూద్దాంలే" అన్నాడంతే, కాబట్టి అది రాయలేదు. ఒక్కటి ఎక్కువ రాసినా మిగతావీ అబద్ధమంటాడుగా!

మాకు తెలిసిన వకీలు చెప్పిందేంటంటే, ఆస్తి బదిలీ చట్టం 108(ఎఫ్) ప్రకారం, ఓనరు చేయాల్సిన రిపేరు నోటీసిచ్చాక కూడా తగిన సమయంలో చేయకపోతే మనం చేయించి అద్దెలో పట్టుకోవచ్చు, కానీ ఆ రిపేరు ఆయన బాధ్యతేనని చూపించాలి, అందుకే ఈ లెటరు. రికార్డింగు కోర్టుకిస్తే, అది ఏ ఫోన్లో ఎలా రికార్డయిందో చెప్పే సర్టిఫికెట్ భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం కావాలట, అందుకని అసలు ఫైలు ఫోన్లోనే ఉంచా.

లెటరు పోస్టులో రసీదుతో పంపి, వాట్సాప్‌లో ఫోటో పెట్టా. "ఫోన్లో చెప్పాగదబ్బా, మళ్లీ ఇదెందుకు" అని మెసేజ్ పెట్టాడు. నాక్కావాల్సింది అదే, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. మేస్త్రీ 17న వస్తాడట.