అప్‌డేట్: గాడి ఉన్న షాఫ్ట్ లెక్క కన్నా ఎక్కువ ఎందుకు తట్టుకుంటోంది? కారణం దొరికింది

నేను అడిగింది: "మైల్డ్ స్టీల్ శాంపిల్‌కి గాడి వ్యాసార్ధం 0.5 మి.మీ., గాడి వల్ల ఒత్తిడి ఎన్ని రెట్లు పెరుగుతదో చెప్పే Kt 2.4. గాడి లేని శాంపిల్ ఫెటీగ్ పరిమితి, అంటే ఎన్నిసార్లు లోడ్ పడ్డా విరగని ఒత్తిడి, 210 మెగాపాస్కల్. అంటే గాడి దగ్గర 88 రావాలి కదా, మరి 125 ఎందుకు వస్తోంది?"

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మెషిన్ క్యాలిబ్రేషన్ చూపించిన, అందులో తేడా లేదు. లేత్ టూల్ అరుగుదలకూ దీనికీ సంబంధం లేదు. నాచ్ సెన్సిటివిటీ, అంటే గాడి ప్రభావం ఆ లోహం మీద నిజంగా ఎంత పడుతదో, చూడమని చెప్పిన అన్న మాటే నిజమైంది, వరంగల్‌లో మా సార్ కూడా అదే తేల్చిండు.

Kt చెప్పేది గాడి అడుగున ఒక్క బిందువు దగ్గరి ఒత్తిడి. పగులు పెరగాలంటే కొంత లోతు దాకా ఒత్తిడి ఉండాలి. చిన్న గాడి దగ్గర అది లోపలికి పోతుంటే గబగబా పడిపోతది. అందుకే పుట్టిన పగులు కొన్నిసార్లు అక్కడే ఆగిపోతది కూడా.

పీటర్సన్ లెక్కలో q నాచ్ సెన్సిటివిటీ, r గాడి వ్యాసార్ధం, a స్టీల్‌ని బట్టి మారే పొడవు, Kf ఫెటీగ్ పరిమితి నిజంగా ఎన్ని రెట్లు తగ్గుతదో చెప్పేది:

```
q = 1/(1 + a/r)
Kf = 1 + q(Kt - 1)
```

మా స్టీల్ తన్యబలం 414 మెగాపాస్కల్, దానికి a సుమారు 0.46 మి.మీ. q 0.52, Kf 1.73. 210ని భాగిస్తే 121. టెస్టుకు దగ్గరే.

గట్టి స్టీల్ వాడేటోళ్లు ఈ వెసులుబాటు నమ్ముకోవద్దు. 1035 మెగాపాస్కల్ స్టీల్‌కి a 0.09 లోపే. అదే గాడికి q 0.85, Kf 2.19 అయితది.