చెయ్యి పట్టి లాగాక పాప ఎడమ చెయ్యి వాడటం లేదు: మోచేయి జారిందా, విరిగిందా?

శ్రావణమేఘం
పాపకు 2 ఏళ్ల 3 నెలలు, బరువు 12 కిలోలు. సాయంత్రం ఆరింటికి రోడ్డు దాటుతుంటే బండి మీదికొచ్చిందని వాళ్ల నాన్న ఎడమ మణికట్టు పట్టి ఒక్కసారిగా పైకి లాగారు. పాప కింద పడలేదు. గట్టిగా ఏడ్చి పది నిమిషాల్లో ఊరుకుంది. అప్పటినుంచి ఆ చెయ్యి పక్కకు వేలాడేసుకునే తిరుగుతోంది. ఆడుతోంది, కుడిచేత్తో అన్నం తింది. ఎక్కడ నొప్పి అని అడిగితే మణికట్టు చూపిస్తోంది. వాపు కనబడటం లేదు. బెణికింది, నూనె రాసి కట్టు కట్టిద్దాం అని మా అత్తయ్య అంటున్నారు. ఇప్పుడు ఎనిమిదిన్నర. రాత్రికే తీసుకెళ్లాలా, పొద్దున చూపించినా ఫర్వాలేదా?

గోదారి గట్టు
ఇది మోచేయి జారడమే అండి, కంగారు పడకండి. వాపు లేదంటే విరగలేదన్నమాట. అరచెయ్యి పైకి తిప్పి, మోచెయ్యి భుజం దాకా మడిస్తే టక్‌మని శబ్దం వచ్చి కూర్చుంటుంది. వీడియోలు బోలెడు ఉన్నాయి, ఇంట్లోనే చేసెయ్యొచ్చు.

పిల్లల క్యాజువాల్టీ డాక్టర్
గోదారి గట్టు గారు చెప్పిన జబ్బు పేరు సరైనదే కావచ్చు. కానీ "వాపు లేదు కాబట్టి విరగలేదు" అన్న మాట మీద ఆధారపడి చెయ్యి తిప్పకండి. ఈ వయసులో ఎముక మెత్తగా ఉంటుంది. మణికట్టుకు కాస్త పైన ఎముక నలిగినట్టు వంగినా, మోచేయి పైన సన్నగా చీలినా మొదటి రెండు మూడు గంటలు వాపు తెలియకపోవచ్చు. విరిగిన చేతిని మెలితిప్పితే హాని జరుగుతుంది.

శ్రావణమేఘం గారూ, మీరు చెప్పిన దాంట్లో నాకు ముఖ్యంగా కనబడినవి మూడు. చెయ్యి చాచి ఉన్నప్పుడు లాగడం, కింద పడకపోవడం, కదపనంతసేపు పాప హాయిగా ఆడుకోవడం. విరిగిన పిల్లలు సాధారణంగా అంత తేలిగ్గా తిరగరు. మణికట్టు చూపించడం కూడా మామూలే. మోచేతి నొప్పిని ఈ వయసు పిల్లలు మణికట్టు దగ్గర చూపిస్తారు, కొందరు భుజం చూపిస్తారు. అందుకే చాలాసార్లు మణికట్టుకే కట్టు కట్టించి తీసుకొస్తారు.

ఇప్పుడు చెయ్యి ముట్టుకోకుండా దూరం నుంచి చూసి చెప్పండి. మోచెయ్యి కొద్దిగా వంగి, అరచెయ్యి ఒంటివైపు గానీ వెనక్కి గానీ తిరిగి ఉందా? వేళ్లు కదులుతున్నాయా? ఎడమవైపు నుంచి బిస్కెట్ ఇస్తే ఏ చేత్తో అందుకుంటోంది?

శ్రావణమేఘం
అరచెయ్యి వెనక్కే తిరిగి ఉందండి. ఎడమచేతి వేళ్లతో గౌను అంచు పట్టుకుని నలుపుతోంది. ఎడమవైపు నుంచి బిస్కెట్ ఇస్తే ఒళ్లంతా తిరిగి కుడిచేత్తో అందుకుంది. ఎడమ చెయ్యి లేవనే లేదు.

పిల్లల క్యాజువాల్టీ డాక్టర్
వేళ్లు వాడుతోంది, చెయ్యి మాత్రం ఎత్తడం లేదు. మోచేయి జారితే సరిగ్గా ఇలాగే ఉంటుంది.

లోపల జరిగేది చెబితే అరచెయ్యి ఎందుకలా తిరిగిందో అర్థమవుతుంది. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. బొటనవేలి వైపు ఎముక పైకొసను ఉంగరంలా చుట్టి ఒక పట్టీ ఉంటుంది. చిన్నపిల్లల్లో ఆ పట్టీ ఎముకకు ఇంకా గట్టిగా అతుక్కుని ఉండదు. చాచిన చేతిని అరచెయ్యి కిందికి ఉండగా లాగితే పట్టీ ఒక పక్క జారి, ఆ ఎముక కొసకూ జబ్బ ఎముకకూ మధ్య ఇరుక్కుంటుంది. అరచెయ్యి పైకి తిప్పితే ఇరుక్కున్న పట్టీ నలిగి నొప్పి పుడుతుంది కాబట్టి పాప దాన్ని వెనక్కే ఉంచుకుంటుంది. ఎముక విరగలేదు, రక్తం కారలేదు, కాబట్టి వాపూ, కమిలిన మచ్చా ఉండవు. అయిదేళ్లు దాటేసరికి పట్టీ గట్టిపడుతుంది, ఇది చాలా అరుదవుతుంది.

విరగలేదని రూఢి చేసుకోవడానికి మేం నొక్కి చూస్తాం. ముందు బాగున్న చేతిని నొక్కుతాం, పాప ముట్టుకుంటేనే ఏడుస్తోందా లేక నొప్పికి ఏడుస్తోందా తెలియాలి కదా. తర్వాత ఈ వైపు కాలర్ బోన్, అక్కణ్నుంచి జబ్బ, మణికట్టు, ముంజెయ్యి, మోచెయ్యి ఆఖరున. ఎముక మీద ఒకే చోట నొక్కిన ప్రతిసారీ ఏడిస్తే అది విరిగిందనే అనుకుని ఎక్స్‌రే తీయిస్తాం. మోచేయి జారితే ఎముక మీద నొక్కినా పెద్దగా పట్టించుకోరు, బయటివైపు గుంట దగ్గర కాస్త ముడుచుకుంటారంతే. అరచెయ్యి పైకి తిప్పబోతే మాత్రం ఏడుపు. ఆ తిప్పడం మీరు ఇంట్లో చేయక్కర్లేదు.

ఇంకొకటి, చంకల కింద పట్టి ఎత్తితే ఏడుస్తుంటే కాలర్ బోన్ సంగతి అనుమానించాలి.

సీతాకోకచిలుక
మా బాబుకు నాలుగు నెలలు. కుడి చెయ్యి నిన్నటినుంచి తక్కువ కదుపుతున్నాడు. ఎవరూ లాగలేదు. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. ఇదీ అదేనా? తిప్పిస్తే సరిపోతుందా?

పిల్లల క్యాజువాల్టీ డాక్టర్
కాదమ్మా, దీన్ని అలా అనుకోకండి. లాగలేదు, ఒళ్లు వెచ్చగా ఉంది, నాలుగు నెలల బాబు చెయ్యి కదపడం లేదు అంటే ఎముకలోనో కీలులోనో చీము పట్టిందేమో చూడాలి. ఎవరికీ తెలియకుండా దెబ్బ తగిలిందేమో కూడా చూడాలి. ఇవాళే, పిల్లల డాక్టరు ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఎవరితోనూ చెయ్యి తిప్పించకండి.

కట్టుగది సిస్టర్
శ్రావణమేఘం అక్కా, బయల్దేరేలోపు కొన్ని పనులు. కట్టు కట్టొద్దు, నూనె రాసి లాగొద్దు. అది విరిగిన చెయ్యే అయితే, బద్దలు పెట్టి బిగించిన కట్టు కింద వాపు పెరిగి వేళ్లకు రక్తం ఆగిపోతుంది. వేళ్లు నల్లబడ్డాక విప్పించుకోవడానికి వచ్చే పిల్లల్ని చూస్తూనే ఉంటాం. మీ అత్తయ్యగారికి ఇది నచ్చచెప్పండి, ఆవిడ ప్రేమతోనే అంటున్నారు.

చేతిని పాప ఎలా పెట్టుకుంటే అలాగే ఉండనివ్వండి. ఎత్తుకునేటప్పుడు నొప్పి చెయ్యి మీ ఒంటికి నొక్కుకోకుండా బయటివైపు ఉంచండి. గౌను మార్చాలంటే ముందు బాగున్న చెయ్యి తీయండి, తొడిగేటప్పుడు నొప్పి చెయ్యి ముందు.

పారాసిటమాల్ ఇవ్వొచ్చు, కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన మీ పాపకు 180. సీసా మీద 5 మి.లీ.కి 120 అని ఉంటే ఏడున్నర మి.లీ. 250 అని ఉంటే మూడున్నర మి.లీ. చాలు. ఒకే కంపెనీ మందు రెండు బలాల్లో దొరుకుతుంది కాబట్టి సీసా చదవకుండా పోయకండి. మళ్లీ ఇవ్వాలంటే ఆరు గంటలు ఆగాలి.

పిల్లల క్యాజువాల్టీ డాక్టర్
రాత్రికే వెళ్లడం మంచిది. పొద్దుటిదాకా ఆగితే చెయ్యి పాడవదు, కొందరికి నిద్రలో దొర్లుతుంటే దానంతటదే సర్దుకుంటుంది కూడా. కానీ ఎంత ఆలస్యమైతే సరిచేశాక చెయ్యి వాడటానికి అంత ఎక్కువసేపు పడుతుంది. చెయ్యి వంకరగా కనబడినా, వాపు మొదలైనా, వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, కదపలేకపోయినా ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. అప్పుడు ఏమీ తినిపించకుండా తీసుకెళ్లండి, మత్తు అవసరం కావచ్చు. ఇప్పుడున్న స్థితిలోనైతే బిస్కెట్ తిన్నా నష్టం లేదు.

ఎక్స్‌రే గది
ఎక్స్‌రే గురించి ఒక మాట. ఇలా జారినప్పుడు ఫిల్ములో ఏమీ కనబడదు, ఇరుక్కున్న పట్టీ ఎక్స్‌రేలో పడదు కాబట్టి. "ఎక్స్‌రే నార్మల్, ఇంటికి వెళ్లండి" అని పంపేస్తే పాప అదే చేత్తో ఇంటికొస్తుంది. ఇంకో సంగతి, ముందునుంచి ఫొటో తీయడానికి మేం అరచెయ్యి పైకి తిప్పి పడుకోబెడతాం. ఆ తిప్పడంలోనే కొందరికి సరైపోతుంది, గది దాటేసరికి ఆ చేత్తోనే అమ్మను పట్టుకుంటారు.

గోదారి గట్టు
మరి లాగడం వల్లే జరిగిందని తెలిసినప్పుడు ఎక్స్‌రే అసలెందుకు?

పిల్లల క్యాజువాల్టీ డాక్టర్
లాగడం ఎవరో కళ్లారా చూసి, వాపు లేక, నొక్కితే ఎముక నొప్పి లేకుంటే ముందే ఎక్స్‌రే అక్కర్లేదు. పడిపోయాడన్నా, ఏం జరిగిందో ఎవరూ చూడకపోయినా తీయించాలి. మామూలుగా రాకూడని వయసైనా అంతే. రెండు మూడుసార్లు ప్రయత్నించినా చెయ్యి వాడకపోతే అప్పుడు కూడా.

శ్రావణమేఘం
వెళ్లొచ్చామండి. డాక్టరుగారు మీరు చెప్పిన వరసలోనే నొక్కి చూశారు. పాపను నా ఒళ్లో కూర్చోబెట్టుకోమన్నారు. ఒక చేత్తో మోచెయ్యి పట్టుకుని, రెండో చేత్తో అరచెయ్యి ఇంకా కిందికి గట్టిగా తిప్పారు. పాప కెవ్వుమంది. శబ్దమేమీ వినబడలేదు. పావుగంట బయట కూర్చున్నాం, చెయ్యి ఎత్తలేదు. మళ్లీ పిలిచి అలాగే తిప్పితే వేలికింద ఏదో కదిలినట్టు తెలిసిందన్నారు. ఇంకో పది నిమిషాలకు ఎడమచేత్తో నా గొలుసు పట్టుకుంది. ఎక్స్‌రే తీయలేదు, కట్టు వేయలేదు. గోదారి గట్టు గారు పైకి తిప్పాలన్నారు, ఆయన కిందికి తిప్పారు. ఎందుకని?

పిల్లల క్యాజువాల్టీ డాక్టర్
రెండూ పద్ధతులే. పైకి తిప్పి మడవడం పాతది. రెంటినీ పోల్చి చూసిన పరిశోధనల్లో మొదటిసారికే సరికానివాళ్లు పైకి తిప్పితే సుమారు నలుగురిలో ఒకరు, కిందికి తిప్పితే సుమారు పదిమందిలో ఒకరు. అందుకే చాలామంది కిందికి తిప్పడంతో మొదలుపెట్టి, కాకపోతే రెండోది చేస్తారు. శబ్దం వినబడితే మంచిదే, వినబడకపోయినా సరైపోవచ్చు. మాకు రుజువు పాప ఆ చేత్తో ఏదో ఒకటి అందుకోవడమే. తిప్పాక అరగంట అక్కడే కూర్చోబెట్టేది అందుకే.

ఇద్దరు కవలల నాన్న
మావాడికి ఇలా రెండోసారి వచ్చింది. ప్రతిసారీ ముప్పై కిలోమీటర్లు తీసుకెళ్లాలి. ఆ తిప్పడం మాకూ నేర్పితే తప్పేంటండి?

కట్టుగది సిస్టర్
నేనైతే వద్దంటాను. మొదటిసారి లాగితే వచ్చింది కదా అని, రెండోసారి మంచం మీంచి పడ్డా అదేననుకుని తిప్పేస్తారు.

పిల్లల క్యాజువాల్టీ డాక్టర్
ఇక్కడ నేను సిస్టర్‌తో పూర్తిగా ఏకీభవించను. ఒకసారి జారిన పిల్లల్లో నలుగురైదుగురిలో ఒకరికి మళ్లీ జారుతుంది. మళ్లీమళ్లీ వచ్చే పిల్లల తల్లిదండ్రులకు, దూరపు ఊళ్లవాళ్లకు, మా ఎదుటే చేయించి నేర్పే డాక్టర్లున్నారు. షరతు ఏమిటంటే లాగడం కళ్లారా చూసి ఉండాలి, పడి ఉండకూడదు, ఒక్కసారే ప్రయత్నించాలి. కాకపోతే ముప్పై కిలోమీటర్లయినా వెళ్లాల్సిందే. మీవాడి డాక్టరునే అడగండి, వీడియో చూసి మాత్రం వద్దు.

శ్రావణమేఘం
ఇకమీదట రోడ్డు మీద చెయ్యి పట్టుకోవద్దా మరి?

కట్టుగది సిస్టర్
పట్టుకోండక్కా, పట్టుకోకపోతే ఎలా. చెయ్యి పట్టి నడిపిస్తే ఏమీ కాదు. మణికట్టు పట్టి ఎత్తడం, రెండు చేతులూ పట్టి ఉయ్యాలలా ఊపడం, బస్సు మెట్లెక్కించడానికి ఒక చేత్తో పైకి లాగడం, నేలమీద కూలబడి మొండికేస్తే చెయ్యి పట్టి లేపడం, ఇవి వద్దు. ఎత్తాల్సి వస్తే రెండు చంకల కిందా పట్టుకోవాలి. బిగుతు చొక్కా తొడిగేటప్పుడు చెయ్యి పట్టి బయటికి లాగకుండా, చొక్కా చేతిని ముందు మీ వేళ్లమీదికి మడుచుకుని పాప చెయ్యిని అందులోకి తీసుకోండి. బండి వస్తుంటే మాత్రం లాగాల్సిందే, అందులో వాళ్ల నాన్న తప్పేమీ లేదు.