కథల పుస్తకం అట్టకు 300 జీఎస్ఎమ్ కావాలా, 250 చాలా?

వర్తూరు వాణి:
బెంగళూరులో ఉంటున్న తెలుగు కథకులం కొందరం కలిసి ఒక సంకలనం వేస్తున్నాము. డెమీలో ఎనిమిదో వంతు సైజు, 240 పేజీలు, లోపల 80 జీఎస్ఎమ్ మాప్‌లితో కాగితం, వెయ్యి ప్రతులు. అట్టకు 300 జీఎస్ఎమ్ ఆర్ట్ కార్డు ఉండాలని ముఖచిత్రం గీసినవారు అంటున్నారు. 300 వేస్తే వెన్ను దగ్గర పగులుతుంది, 250 చాలు అని ప్రెస్సువారు అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియజేయగలరు.

రంగులపెట్టె:
మీ చిత్రకారుడి మాటే వినండి. ఇరవై ఏళ్లుగా అట్టలు డిజైన్ చేస్తున్నాను. 250 వేసిన ప్రతి పుస్తకమూ చేతిలోకి తీసుకోగానే వాలిపోతుంది. పాఠకుడు లోపలి కథ చదవకముందే ఇది చౌక పుస్తకమని వేళ్లతోనే తేల్చుకుంటాడు. పగులుతుందన్నది ప్రెస్సువారు కాగితం ఖర్చు తగ్గించుకోవడానికి చెప్పే మాట. జీఎస్ఎమ్ అంటే మందం, మందం అంటే మన్నిక. నేనైతే 350 కూడా వేయిస్తాను.

చిత్తూరువాసి:
250 వేసి, మిగిలిన డబ్బుతో ఒకసారి ప్రూఫులు దిద్దించండి. ఈమధ్య పుస్తకాలకు అదే ఎక్కువ అవసరం.

అడయారు వీణ:
పగలడం అబద్ధమేమీ కాదు. మా సంగీత తరగతుల కోసం చెన్నైలో మూడు మడతల కరపత్రం వేయించాను. మందంగా ఉంటే మర్యాదగా ఉంటుందని 170 జీఎస్ఎమ్ ఆర్ట్ పేపరు అడిగాను. ముదురు మెరూన్ రంగు. తెచ్చుకున్న రోజే మడత పొడవునా తెల్లని గీత పడింది. అడిగితే కాగితమే అంత అన్నారు. కాబట్టి వాణిగారూ, 130 దాటవద్దు.

వర్తూరు వాణి:
వీణగారూ, మాది కరపత్రం కాదండీ, పుస్తకం అట్ట. 130 అంటే అట్టకు మరీ పలుచన కదా.

సుల్తాన్‌పేట బైండరు:
వాణిగారికి 130 పనికిరాదు గాని, వీణగారి కరపత్రంలో జరిగిందేమిటో చూస్తే అట్ట సంగతి కూడా తెలుస్తుంది. అక్కడ పగిలింది కాగితం కాదు, దాని మీది పూత. ఆర్ట్ పేపరు మీద సున్నపు పొడి, బంకమట్టి వంటి వాటితో పూత వేస్తారు, సిరా దాని మీద నిలుస్తుంది. మడత పెట్టినప్పుడు బయటి వైపు సాగాలి, పూత సాగదు. కాగితం మందమైనకొద్దీ బయటి వైపు మరింత సాగవలసి వస్తుంది కనుక, 130లో కనబడని గీత 170లో కనబడుతుంది. లేత రంగైతే అదీ ఎవరి కంటా పడదు, మెరూన్ మీద మాత్రం దాక్కోలేదు. అయితే అదే 170ని గ్రెయిన్ వెంబడి మడిచి, మడత వచ్చేచోట ముందుగా గీత నొక్కి, అంటే క్రీజింగ్ చేసి ఉంటే చాలావరకు తప్పేది.

మిల్లులో కాగితం పరుగెత్తే దిక్కుకు నారపోగులు ఎక్కువగా వరుసగా పడతాయి, ఆ వరుస దిక్కే గ్రెయిన్. మడత ఆ వరుసకు సమాంతరంగా ఉంటే పోగుల మధ్య నుంచి వంగుతుంది. అడ్డంగా ఉంటే పోగులనే విరవాలి. అట్టలోనూ ఇంతే. వెన్ను పొడవు దిక్కుకు గ్రెయిన్ ఉంటే 300 నిక్షేపంగా మడత పడుతుంది. అడ్డంగా ఉంటే 250 కూడా పగులుతుంది. మీ ప్రెస్సువారు చెప్పిన 250 చాలన్న మాట తప్పు కాదు. వారు చెప్పిన కారణం మాత్రం సగమే.

రంగులపెట్టె:
అంటే 300 పగలదని మీరే ఒప్పుకుంటున్నారు. ఇక వాదమెందుకు?

సుల్తాన్‌పేట బైండరు:
జీఎస్ఎమ్ అంటే మందం అన్నారు కనుక. అది చదరపు మీటరు కాగితం బరువు. 300 జీఎస్ఎమ్ ఆర్ట్ కార్డు పూతతో, నునుపు చేసే రోలర్ల ఒత్తిడితో బిగిసి ఉంటుంది కాబట్టి దాని మందం 0.3 మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. మందుల పెట్టెలకు వాడే ఫోల్డింగ్ బాక్స్ బోర్డు 250 జీఎస్ఎమ్‌లోనే దానికంటే మందంగా, గట్టిగా ఉంటుంది. చేతికి దళసరిగా తగలడమే మీకు కావలసినదైతే తూనిక అంకె పెంచడం ఒక్కటే దారి కాదు. ఆ బోర్డు వెనుక వైపు అంత తెల్లగా ఉండదు కనుక, అట్ట లోపలి వైపు రంగుల ముద్రణ ఉంటే బాగుండదు.

రంగులపెట్టె:
వాణిగారు అడిగింది ఆర్ట్ కార్డు గురించి. మందుల పెట్టెల గురించి కాదు. ఒకే రకం కార్డులో 300 అంటే 250 కంటే మందమా కాదా? ఈ ఒక్కదానికి సూటిగా జవాబు చెప్పండి.

సుల్తాన్‌పేట బైండరు:
మందమే, ఐదో వంతు ఎక్కువ. కాని బిరుసు ఐదో వంతుతో ఆగదు. మందాన్ని మూడుసార్లు హెచ్చవేసిన లెక్కన పెరుగుతుంది, అంటే దాదాపు 1.7 రెట్లు. మీ చేతికి నచ్చేది ఆ బిరుసే. 12 మిల్లీమీటర్ల వెన్నుతో, కుట్టు లేకుండా జిగురుతో అంటించిన పర్ఫెక్ట్ బైండింగ్ పుస్తకాన్ని తెరిచినప్పుడు జిగురును లాగేదీ అదే. అందుకే 300 వేస్తే వెన్ను అంచుల మీది రెండు గీతలతో పాటు, వెన్నుకు ఆరేడు మిల్లీమీటర్ల దూరంలో అటొకటి ఇటొకటి మడత గీతలు కొట్టించాలి. అట్ట అక్కడి నుంచి తెరుచుకుంటుంది, జిగురు మీద భారం పడదు. 350కి మీరు సరదా పడవచ్చు. ఆ పుస్తకం బల్ల మీద పెడితే తెరిచి ఉండదు, చదివేవారు రెండు చేతులతో అదిమి పట్టుకోవాలి.

అడయారు వీణ:
తెరిచి ఉండకపోవడం ఒక బాధ, మూసి ఉండకపోవడం మరొకటి. మా స్నేహితురాలి కవితల పుస్తకం అట్ట చెన్నై వానాకాలంలో నోరు తెరుచుకుని కూర్చుంటుంది. అదీ జీఎస్ఎమ్ వల్లేనా?

సుల్తాన్‌పేట బైండరు:
కాదమ్మా, లామినేషన్ వల్ల. బయటి వైపు ప్లాస్టిక్ పొర తేమను రానివ్వదు. లోపలి వైపు మాత్రం గాలిలోని తేమ పీల్చుకుని పెరుగుతుంది, అట్ట బయటికి వంగుతుంది. కాగితం పెరిగేది ముఖ్యంగా గ్రెయిన్‌కు అడ్డంగానే కనుక, వెన్నుకు సరైన గ్రెయిన్ ఉన్న అట్టే ఇలా నోరు తెరుస్తుంది. మడతకు మంచిది ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. తేమను కొంత వదిలే నైలాన్ పొర వేస్తే తగ్గుతుంది గాని ఖరీదు ఎక్కువ.

రంగులపెట్టె:
పలుచని అట్టే ఎక్కువ వంగుతుందని కూడా చెప్పండి మరి. 300 ఆ వంపును తట్టుకుంటుంది.

సుల్తాన్‌పేట బైండరు:
తట్టుకుంటుంది. ఆ మాట నిజమే.

వర్తూరు వాణి:
300 అని రాయించుకుని 250 వేస్తే మేము ఎలా పట్టుకోవాలి?

సుల్తాన్‌పేట బైండరు:
నగలు తూచే చిన్న కాటా చాలు. విప్పి పరిచిన మీ అట్ట 292 మిల్లీమీటర్ల వెడల్పు, 216 ఎత్తు. అంచులు కోసిన తరువాత, లామినేషన్‌కు ముందు, 300 అయితే ఒక్కొక్కటి 19 గ్రాములు, 250 అయితే 16 గ్రాములు తూగాలి. పదింటిని కలిపి తూస్తే తేడా దాగదు. లామినేషన్ అయ్యాక తూస్తే పొర బరువు కలిసి 250 కూడా 17 దాటి, అనుమానం తీరకుండా మిగిలిపోతుంది.

రంగులపెట్టె:
చూశారా, నేను మొదటే చెప్పాను, కాగితం తగ్గించేది ప్రెస్సువారేనని. నా అట్ట ఒకటి వెన్ను మీద పగిలితే, నేను వేసిన నల్లరంగు వల్లే పగిలిందని రచయిత ముందు నా మీదికి నెట్టారు. సగం పారితోషికం పోయింది. 300 పగులుతుందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది అందుకే.

సుల్తాన్‌పేట బైండరు:
ఆ పనికి మీరు ఇచ్చిన ఆర్డరులో గ్రెయిన్ ఎటు ఉండాలో రాశారా?

రంగులపెట్టె:
అది రాయడం డిజైనరు పనా? కాగితం కోసేది ప్రెస్సు. వారికి తెలియదా?

సుల్తాన్‌పేట బైండరు:
తెలుసు. తెలిసే అడ్డంగా కోస్తారు. ఎందుకో వాణిగారి అట్టతోనే చూపిస్తాను. అంచుల కోతకు కలిపితే అది 298 వెడల్పు, 222 ఎత్తు. 23కి 36 అంగుళాల షీటు, అంటే 584కి 914 మిల్లీమీటర్లు, గ్రెయిన్ పొడవు వెంట ఉన్నదనుకుందాం. గ్రెయిన్ వెన్ను వెంట వచ్చేలా పేరిస్తే పొడవులో నాలుగు పడతాయి. వెడల్పులో రెండు పట్టాలంటే 596 కావాలి, 12 మిల్లీమీటర్లు తక్కువ. కనుక షీటుకు నాలుగే. అడ్డం తిప్పితే ఆరు వస్తాయి. ధర తగ్గించమని బేరమాడిన పనిలో ఏ ప్రెస్సు నాలుగు కోస్తుంది? ఆరు కోస్తుంది, వెన్ను పగులుతుంది, అప్పుడు 300 తప్పనో నల్లరంగు తప్పనో అంటారు.

రంగులపెట్టె:
అంటే తప్పు ప్రెస్సుదే. అదే కదా నేను అంటున్నది.

సుల్తాన్‌పేట బైండరు:
మీరు రాయలేదు, రచయిత అడగలేదు, ప్రెస్సు చెప్పలేదు. ఇందులో మీ వంతు లేదంటే నేను ఒప్పుకోను. ముగ్గురూ 300 అన్న ఒక్క అంకె మీద కొట్లాడుకుంటారు.

చిత్తూరువాసి:
రచయిత అడగాలంటే రచయితకు తెలియాలి కదా. ఇప్పుడు ఈమె అడిగారు, చెప్పండి.

వర్తూరు వాణి:
అవును, మాకు దారి ఏమిటి? వెన్ను మీద ముదురు నీలం ఉంది, మార్చడానికి చిత్రకారుడు ఒప్పుకోరు.

సుల్తాన్‌పేట బైండరు:
25కి 36 షీటు అడగండి. వెడల్పు 635 కనుక 596 పడుతుంది. సరైన గ్రెయిన్‌తోనే షీటుకు ఎనిమిది వస్తాయి. వెయ్యి అట్టలకు, పాడయ్యేవి కాక, 125 షీట్లు, 300 జీఎస్ఎమ్‌లో సుమారు 22 కిలోలు. చిన్న షీటులో ఆరు చొప్పున అడ్డంగా కోసినా 27 కిలోలు దాటదు గాని అంత అవుతుంది. పెద్ద షీటే తక్కువ కాగితం తింటుంది. గ్రెయిన్ 36 అంగుళాల వైపే ఉన్నదని చూసుకోండి. ఒక చదరపు ముక్కను రెండు వైపులా మెల్లగా వంచితే తేలికగా వంగే మడత గ్రెయిన్ వెంబడి ఉంటుంది. లామినేషన్ తరువాతే క్రీజింగ్ చేయించండి. గీత ఉబ్బు మడత లోపలికి రావాలి. చాలాచోట్ల దీన్ని తిరగేసి మడుస్తారు.

రంగులపెట్టె:
ఈ లెక్క కాగితం మీద బాగుంది. చిన్న ప్రెస్సులో 25కి 36 షీటు మిషను మీదికి ఎక్కదు, సగానికి కోయాలి. సగం షీటు 457 మిల్లీమీటర్లు, రెండు అట్టలు 444. మిగిలిన 13లో మిషనులో షీటును లాగే గ్రిప్పరు పట్టుకోవడానికే పది పన్నెండు కావాలి. సిరా సరిచూసుకునే రంగుల పట్టీ ఎక్కడ వేస్తారు?

సుల్తాన్‌పేట బైండరు:
పక్క వైపు 39 మిల్లీమీటర్లు ఖాళీ ఉంది, అక్కడ నిలువుగా.

రంగులపెట్టె:
నిలువు పట్టీతో షీటు అంతటా సిరా సమంగా పడిందో లేదో ఏం తెలుస్తుంది? వెన్ను మీద ముదురు నీలం ఉంటే ఒక అట్టకూ మరో అట్టకూ రంగు తేడా వస్తుంది. మడత దక్కుతుంది, నా రంగు పోతుంది.

సుల్తాన్‌పేట బైండరు:
అయితే షీటు సగం చేయకుండా ఎక్కించే పెద్ద మిషను ఉన్నచోట అట్ట ఒక్కటీ వేయించుకోవాలి. వెయ్యి ప్రతులకు ఆ ప్లేట్ల ఖర్చు గిట్టుతుందా అన్నది వాణిగారు ధర అడిగి తేల్చుకోవాలి.

వర్తూరు వాణి:
రెండు చోట్లా ధరలు అడుగుతాను. ఈసారి గ్రెయిన్ దిక్కు, షీటు సైజు రెండూ కాగితం మీద రాసిస్తాను. 300 పెట్టాలా, 250 పెట్టాలా అన్నది మా వాళ్లు ఇంకా తేల్చలేదు.

అడయారు వీణ:
నా కరపత్రం మళ్లీ వేయించాలి. మెరూన్ మార్చను. 130, గ్రెయిన్ మడత వెంట, అంతేనా?

సుల్తాన్‌పేట బైండరు:
అంతే. లోపలికి మడిచే రెక్కను 97 మిల్లీమీటర్లు, మిగతా రెండింటినీ 100 చొప్పున పెట్టమనండి. మూడూ సమానంగా పెడితే లోపలి రెక్క మడతకు తగిలి ఉబ్బుతుంది.