ఏప్రిల్ 1న పుట్టిన పాపకు కేవీలో ఒకటో తరగతి వస్తుందా?

గాజువాక నాన్న
మా పాప 2019 ఏప్రిల్ 1న పుట్టింది. 2025–26కి కేంద్రీయ విద్యాలయంలో ఒకటో తరగతికి మార్చి 31 నాటికి ఆరేళ్ళు నిండాలి కదా. ఒక్కరోజులో పోయిందని ఆఫీసులో అందరూ అంటున్నారు. అప్లై చేయొచ్చా, బాలవాటిక-3 చూసుకోవాలా? ఇంకోటి, ఏడేళ్ళలో నాకు రెండు బదిలీలే అయ్యాయి. ప్రాధాన్యంలో వెనకబడతానా?

సత్యవతి
ఈ తేదీల గొడవ తలచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. మా వాడిది జూన్. ఓ ప్రైవేటు స్కూలువాళ్ళు వయసు చాలదని యూకేజీ మళ్ళీ చదివించారు, ఫీజు మాత్రం పూర్తిగా లాగారు. మీరూ ఓ ఏడాది ఆగండి, కొంపలేం మునగవు.

విశ్రాంత సూపరింటెండెంట్
అమ్మా, ఆయన అడిగింది కేవీ గురించి. ముప్పై ఏళ్ళు సర్వీసు రిజిస్టర్లు రాసినవాణ్ణి, నేను చెబుతాను. కేవీ అడ్మిషన్ మార్గదర్శకాల్లోనే ఏప్రిల్ 1న పుట్టిన పిల్లల్నీ పరిగణించాలని రాసి ఉంది. అది వాళ్ళు చూపించే దయ కాదు, లెక్కే అంత. పుట్టిన రోజు కూడా పూర్తి రోజే. 2019 ఏప్రిల్ 1 మొదటి రోజైతే, ఆరో ఏడు 2025 మార్చి 31 అర్ధరాత్రితో పూర్తవుతుంది. ఒకటో తేదీన పుట్టిన కేంద్ర ఉద్యోగి అంతకుముందు నెల ఆఖరి రోజునే రిటైరయ్యేది ఇందుకే. నేను జులై 1న పుట్టాను, జూన్ 30న ఇంటికి పంపారు. మర్నాడు రావాల్సిన ఇంక్రిమెంటు పోయింది!

కూకట్‌పల్లి కిరణ్
సార్, ఉద్యోగాల రూలు తెచ్చి పసిపిల్లలకు పెడతారా? నాకు తెలిసి ఒకట్రెండు రోజులు తక్కువైతే ప్రిన్సిపాలే సడలిస్తారు. అంతకుమించి ఏం లేదు.

విశ్రాంత సూపరింటెండెంట్
ప్రిన్సిపాల్‌కు ఆ అధికారం ఎవరిచ్చారు? ఏప్రిల్ 2న పుట్టినవాళ్ళను తీసుకోమనండి చూద్దాం! 1986లో ప్రభుదయాళ్ సేస్మా కేసులో సుప్రీంకోర్టు ఇదే లెక్క చెప్పింది. 1956 జనవరి 2న పుట్టిన మనిషికి 1984 జనవరి 1నే 28 ఏళ్ళు నిండాయంది.

కూకట్‌పల్లి కిరణ్
ఆ కేసు ఇప్పుడే చదివాను. అందులో ఆయనకు ఉద్యోగం పోయింది సార్! జనవరి 1కి 28 నిండకూడదన్నది అక్కడి నిబంధన. కాబట్టి మీ లెక్క కనీస వయసు దగ్గర మేలు చేస్తుంది, గరిష్ఠ వయసు దగ్గర ముంచుతుంది. కేవీ ఒకటో తరగతికి పైహద్దు ఎనిమిదేళ్ళు. మరి 2017 ఏప్రిల్ 1న పుట్టిన పిల్లాడి సంగతేంటి? లోపలా, బయటా?

విశ్రాంత సూపరింటెండెంట్
ముందు ప్రిన్సిపాల్ సడలిస్తారన్న మాట వెనక్కి తీసుకో బాబూ, తర్వాత మాట్లాడదాం.

లక్ష్మీప్రసన్న
మా బాబు ఏప్రిల్ 2 తెల్లవారుజామున రెండింటికి పుట్టాడు. సూర్యోదయం కాలేదు కాబట్టి ఒకటో తేదీ కిందే లెక్కని మా పురోహితుడు అన్నారు, జాతకం కూడా అలాగే రాశారు. సర్టిఫికెట్‌లో తేదీ మార్పిస్తే పనవుతుందా?

నరసరావుపేట వకీలు
జాతకానికి సూర్యోదయం, సర్టిఫికెట్‌కు అర్ధరాత్రి. రిజిస్ట్రారు సరిదిద్దేది తప్పుగా నమోదైనదాన్నే. మీ ఆసుపత్రి రికార్డులోనూ 2వ తేదీ, 2 గంటలని ఉంటే అందులో తప్పేం ఉంది, దిద్దడానికి? సీటు కోసం మార్పిస్తే రేపు ఆధార్‌లో ఒకటి, సర్టిఫికెట్‌లో ఒకటి ఉంటుంది. దగ్గరి కేవీలో బాలవాటిక ఉందేమో చూడండి, అన్నిచోట్లా లేదు.

లక్ష్మీప్రసన్న
అడిగినంత మాత్రాన దొంగల్లా చూడక్కర్లేదండీ.

డాలస్ శ్రీను
ఇక్కడ టెక్సస్‌లో కిండర్‌గార్టెన్‌కు సెప్టెంబర్ 1 హద్దు. ఆగస్టులో పుట్టి అర్హత ఉన్న పిల్లల్నీ కొందరు తల్లిదండ్రులు కావాలనే ఏడాది ఆపుతున్నారు. మీరేమో ఒక్కరోజు కోసం కొట్టుకుంటున్నారు!

సత్యవతి
నేను మొదట్లో చెప్పిందీ అదే కదా. అప్పుడు ఎవరూ వినలేదు.

గాజువాక నాన్న
మార్గదర్శకాల్లో ఆ వాక్యం దొరికింది, ప్రింటు తీసుకున్నాను. సూపరింటెండెంట్ గారికి నమస్కారాలు. లాటరీలో పేరు తగలాలిక. బదిలీల సంగతి ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

విశ్రాంత సూపరింటెండెంట్
సంతోషం. ఇంక్రిమెంటు మీద 2023లో సుప్రీంకోర్టు ఉద్యోగుల పక్షాన తీర్పిచ్చింది. నాలాగా జూన్ 30న దిగిపోయినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే, మీ శాఖలో ఏమన్నారో రాయండి.

కూకట్‌పల్లి కిరణ్
2017 ఏప్రిల్ 1 గురించి అడిగాను సార్.