అప్‌డేట్: ఇంట్రో తగ్గించడం పనిచేసిందా లేదా తేలింది

నా పాత ప్రశ్న: "గుంటూరు వంటల ఛానెల్ మాది. ఇంట్రో 40 సెకన్ల నుంచి 10కి తగ్గించాక వ్యూస్ పెరిగాయి. అది ఇంట్రో వల్లేనా?"

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ఇంట్రో తగ్గించడం పనిచేసింది, జనం వీడియోలో ఎక్కువసేపు ఉంటున్నారు, కానీ వ్యూస్ పెరిగింది దానివల్ల కాదు. మార్చింది సరిగ్గా ఏప్రిల్లో, కారం మరల దగ్గర జనం బారులు తీరే రోజుల్లో, అప్పుడు ఆవకాయ వీడియోకి సెర్చ్ నుంచి ఎలాగూ వస్తారు కదా. అందుకే పచ్చళ్లన్నీ పక్కనపెట్టి, రోజువారీ కూరల వీడియోలే తీసుకుని, పాతదానికైనా కొత్తదానికైనా అప్‌లోడ్ చేసిన మొదటి 7 రోజుల లెక్కే చూశాను.

30వ సెకను దగ్గర ఉన్నవాళ్ల శాతం బాగా పెరిగింది. అదొక్కటే నమ్మకూడదు, ఎందుకంటే పాతవాటిలో అప్పటికి నేనింకా మాట్లాడుతూనే ఉన్నాను, కొత్తవాటిలో తాలింపు పడిపోయింది, వెళ్లేవాళ్లు కాస్త ఆలస్యంగా వెళ్తున్నారేమో. 2 నిమిషాల దగ్గర చూస్తే తేడా సగానికి తగ్గింది, కానీ పోలేదు.

అనుమానం తీర్చింది మాత్రం "మళ్లీ పాత ఇంట్రో పెట్టి చూడు" అన్న సలహా. కొన్ని వీడియోలకి పెట్టాను, ఉన్నవాళ్ల శాతం పడిపోయింది, తీసేస్తే మళ్లీ లేచింది. థంబ్‌నెయిల్ స్టైల్ ఈ మధ్యలో ముట్టుకోలేదు. అప్‌లోడ్ టైమ్ గురించి పడ్డ టెన్షన్ అనవసరం, దానివల్ల ఏ తేడా కనిపించలేదు.

ఒక్క మాట, పాత వీడియోల్లోనే ఒకదానికొకటి నాలుగైదు శాతం తేడా ఉంటోంది, అంతకంటే చిన్న మార్పుని ఈ పద్ధతి పట్టుకోలేదు.