స్క్రీన్ మీద నిలువు పట్టీ: ప్యానెల్ పోయిందా, బోర్డా?

రమణ_43: 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ. ఎడమవైపు పైనుంచి కింది దాకా నల్ల పట్టీ, అంచులు గీత గీసినట్టున్నాయి. మిగతా బొమ్మ బాగుంది. ప్యానెలా, బోర్డా?

బోర్డు_భాస్కర్: మెయిన్ బోర్డుకూ ప్యానెల్‌కూ మధ్య ఉండే టీకాన్ బోర్డు మార్చండి, పోతుంది.

నిలువుగీత: భాస్కర్ గారూ, కొలవకుండానే కొనిపిస్తారా? రమణ గారూ, పట్టీ ఎన్ని సెంటీమీటర్లుందో చెప్పండి. మెనూ మీద కూడా పడుతోందా?

రమణ_43: దాదాపు 16. మెనూనీ కోసేస్తోంది.

సుజాత_కె: మా టీవీలో అడ్డగీతలు వచ్చాయి, కేబుల్ కనెక్షన్ మారిస్తే పోయాయి.

నిలువుగీత: సుజాత గారూ, ఇక్కడ మెనూ కూడా తెగుతోంది. మెనూ గీసేది మెయిన్ బోర్డు కాబట్టి కేబుల్ కనెక్షన్ తప్పు కాదు. ఇక 16 సంగతి. ఈ స్క్రీన్ వెడల్పు 95 సెం.మీ. దాకా ఉంటుంది. 1920 పిక్సెళ్లకు మూడేసి రంగులు, అంటే 5760 నిలువు లైన్లు. ఒక్కో డ్రైవర్ చిప్ 960 లైన్లు నడిపితే ఆరు చిప్‌లు కావాలి. 95లో ఆరో వంతు 16. ఒక్క చిప్ వాటా మొత్తం పోయిందన్నమాట. చిప్‌లు ప్యానెల్ అంచున అతికించిన ఫిల్మ్ మీదే ఉంటాయి. మెయిన్ బోర్డుకు ఈ ఆరు భాగాల లెక్కే తెలియదు.

బోర్డు_భాస్కర్: ఆరో వంతంటే ప్యానెలే అని ఎవరన్నారు? కొన్ని ప్యానెళ్లలో టీకాన్ నుంచి ఒక్కో చిప్‌కు విడి జత వైర్లు వెళ్తాయి. ఫ్లాట్ కేబుల్లో ఆ జత పట్టు వదిలినా ఇదే పట్టీ!

నిలువుగీత: ఆ మాట నిజమే. అందుకే ముందు ఆ ఫ్లాట్ కేబుల్ చూడాలి. ప్లగ్ పీకి, కాసేపాగి, ఫ్లాట్ కేబుల్ రెండు చివరలా లాక్ ఎత్తి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వంకర లేకుండా పెట్టండి. పట్టీ పోతే అక్కడితో సరి. లేకపోతే టీవీ ఆన్‌లో ఉండగా ఆ పట్టీకి ఎదురుగా ఉన్న ఫ్రేము అంచును బయటినుంచే మెల్లగా నొక్కండి. పట్టీ మిణుకుమంటే ఫిల్మ్ అతుకు వదిలింది.

చిన్నారావు: నొక్కితే వస్తే అట్టముక్క దూర్చేయండి, అంతే.

నిలువుగీత: వేడెక్కితే మళ్లీ వదులుతుంది. గాజు పగిలిందంటే ఇక చేసేదేమీ లేదు.

బోర్డు_భాస్కర్: మీరు చెప్పకుండా దాటేస్తున్నదొకటుంది. "ప్యానెల్" అనే మాట చాలు, షాపువాడు కొత్త టీవీ అంటగట్టేస్తాడు. అందుకే నేను టీకాన్ అంటాను.

నిలువుగీత: అదా సంగతి! అందుకని తప్పు బోర్డు కొనమంటారా? ఆ అతుకును మిషన్ మీద మళ్లీ వేసే బాండింగ్ షాపులున్నాయి. టీకాన్ పోతే సాధారణంగా స్క్రీనంతా, లేదా సగం చెడుతుంది.

బోర్డు_భాస్కర్: బాండింగ్ చేసింది ఎన్నాళ్లు ఆగుతుందో రాసిస్తారా?

రమణ_43: కేబుల్ తుడిచాను, మార్పు లేదు. అంచు నొక్కితే పట్టీలో రంగులు మెరిసి మళ్లీ నల్లబడుతోంది.