పొద్దున్నే నోట్సు సారాంశం: పనుల జాబితా మోడల్‌కి వదిలేయొచ్చా?

గోదారిగట్టు: రోజూ ఉదయం 6 గంటలకు నా నోట్సు ఫోల్డరంతా ల్యాప్‌టాప్‌లోని ఒలామాకి వెళ్లి, సారాంశం, మిగిలిన పనులు రాసేలా క్రాన్‌లో పెట్టాను. అయిపోయిన పనులు మళ్లీ వస్తున్నాయి, చేయాల్సినవి కొన్ని రావట్లేదు. నమ్మొచ్చా, మానేయాలా?

పాతకీబోర్డు: ఇవి రెండూ వేర్వేరు తప్పులండీ. సారాంశం ఫైలు కూడా నోట్సు ఫోల్డర్‌లోనే పడుతోందేమో చూడండి. సోమవారం సారాంశంలో "కరెంటు బిల్లు కట్టాలి" అని ఉంటుంది. సాయంత్రం మీరు కట్టేసి నోట్సులో టిక్కు పెడతారు, కానీ సారాంశంలో ఆ మాట అలాగే ఉండిపోతుంది. మంగళవారం మోడల్ రెండూ చదివి, బిల్లు ఇంకా కట్టలేదనుకుంటుంది. సారాంశాలను `morning` అనే ఫోల్డర్‌లోకి మార్చి, దాన్ని చదవనివ్వకండి.

పనులు వెతకడం అసలు మోడల్‌కి అప్పగించొద్దు. టిక్కు పెట్టని `- [ ]` పెట్టెలున్న పనులన్నీ ఇది తెస్తుంది:

```
grep -rnF --include='*.md' --exclude-dir=morning -e '- [ ]' ~/notes
```

ఈ జాబితా, నిన్నటి నోట్సు, ఇవాళ్టి తేదీ మాత్రం మోడల్‌కి ఇచ్చి, ఏది ముందు చేయాలో అడగండి. తేదీ ఇవ్వకపోతే నోట్సులోని "రేపు" అంటే ఎప్పుడో దానికి తెలీదు. జాబితాను మాత్రం ఉన్నదున్నట్టు సారాంశం కింద అతికించండి.

నల్లబల్ల: ఇంత తతంగం దేనికి? నోట్సు మొత్తం పట్టక పనులు జారిపోతున్నాయి. పెద్ద మోడల్ పెడితే సరి.

పాతకీబోర్డు: పట్టకపోవడం నిజమే కావచ్చు. తెలుగు రాతకు ఇంగ్లిషు కంటే టోకెన్లు బాగా ఎక్కువ పడతాయి. `num_ctx` పెంచకపోతే పొడవైన ప్రాంప్టులో కొంత భాగం చెప్పాపెట్టకుండా తెగిపోతుంది. మొదట్లో, మధ్యలో, చివర్లో ఒక్కో ఉత్తుత్తి పని రాసి చూడండి, ఎక్కడ తెగుతోందో తెలిసిపోతుంది. కానీ అంతా పట్టినా, కుదించమన్నాక కొన్ని వదిలేస్తుంది. మందుల చీటీ, ఇన్సూరెన్సు గడువు లాంటివి అలా పోతే నేను ఒప్పుకోను.

సీతాఫలం: నాకు 6 గంటలకు అసలు రానే రాదు! ల్యాప్‌టాప్ మూసి ఉంటుంది.

పాతకీబోర్డు: నిద్రలో ఉన్న మెషీన్‌లో క్రాన్ ఆ వేళ దాటేస్తుందమ్మా, తర్వాత సాధారణంగా తిరిగి నడపదు. లినక్సు అయితే సిస్టమ్‌డీ టైమర్‌లో `OnCalendar` పెట్టి, `Persistent=true` కూడా చేర్చు.

గోదారిగట్టు: ఫోల్డర్ మార్చాను, పాతవి రావడం ఆగింది. కానీ నేను సగం పనులకు పెట్టెలే పెట్టను. "బావగారికి శనివారంలోగా చెప్తానన్నాను" అని మామూలు వాక్యంలో రాసేస్తాను. `grep`కి అది దొరకదు, మోడలే పట్టుకుంటోంది.

నల్లబల్ల: నేనన్నదీ అదే. పెట్టెలు పెట్టే ఓపికుంటే ఇక మోడల్ దేనికి?

పాతకీబోర్డు: అలాంటి మాటల్ని ఫైలు పేరుతో, వాక్యం అక్షరం మారకుండా ఇమ్మని వేరే ప్రాంప్టులో అడగండి. ఆ వాక్యం ఫైల్లో నిజంగా ఉందో లేదో `grep -F`తో చూడొచ్చు, కల్పించింది దొరికిపోతుంది. అది వదిలేసినవాటిని పట్టుకునే దారి మాత్రం నాకింకా దొరకలేదు. అందుకే ఆదివారం నోట్సు నేనే చదువుతాను.